క్వశ్చన్ బ్యాంకా, టెక్స్ట్‌బుక్కా, వీడియో కోర్సా? ముందు మీ తప్పుల లెక్క తీయండి, తర్వాత కొనండి

ప్రశ్న: మెడికల్ పీజీ ఎంట్రన్స్‌కి ఇంకా ఐదు నెలలుంది. వారంలో ఐదు రోజులు డ్యూటీ. డ్యూటీ రోజున మూడు గంటలు, సెలవు రోజున ఆరు గంటలు చదవగలను. కాలేజీ నాటి టెక్స్ట్‌బుక్స్ ఉన్నాయి. ఒక ఫ్రెండ్ పూర్తి వీడియో కోర్సు తీసుకోమంటున్నాడు. ఇంకొకరు రెండు క్వశ్చన్ బ్యాంకులు చేస్తే చాలంటున్నారు. అన్నీ కొనాలంటే భయం, ఏదైనా వదిలేస్తే వెనకబడతానేమోనని టెన్షన్. ఏది కొనాలి, ఏది వద్దు?

సమాధానం:

ఒక్క క్వశ్చన్ బ్యాంక్ కొనండి. టెక్స్ట్‌బుక్స్ మీ దగ్గరున్నవే చాలు. పూర్తి వీడియో కోర్సు వద్దు, మీకు నిజంగా అర్థం కాని రెండు మూడు టాపిక్‌లకు మాత్రం విడి వీడియోలు చూసుకోండి. రెండో క్వశ్చన్ బ్యాంక్ గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు. బయటి మాక్ టెస్టులు కొన్ని కావాలి, అది చివర్లో చెప్తాను.

ఇది నా అభిరుచి కాదు, మీరిచ్చిన గంటలను బట్టి వచ్చిన సమాధానం. ఏది మంచిదని అడిగితే మూడింటిలోనూ మంచివి దొరుకుతాయి. మీకున్న సమయంలో ఏది పూర్తవుతుందనేది లెక్క వేసి తేల్చుకోవచ్చు.

వారానికి ఐదు డ్యూటీ రోజులు, మూడేసి గంటల చొప్పున 15. రెండు సెలవు రోజులు, ఆరేసి చొప్పున 12. మొత్తం 27 గంటలు. ఐదు నెలలంటే దాదాపు 20 వారాలు, అంటే 540 గంటలు. ఇందులో పావు వంతు తీసేయండి. నైట్ డ్యూటీ తర్వాతి రోజు, జ్వరం, ఇంట్లో పెళ్లి, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. చేతికి నికరంగా వచ్చేది సుమారు 400 గంటలు.

ఇప్పుడు వీడియో కోర్సు చూద్దాం. అన్ని సబ్జెక్టులూ కలిపి 300 గంటల కోర్సు అనుకోండి. ఒకటిన్నర స్పీడ్‌లో చూస్తే 200 గంటలు. కానీ ఎవరూ ఆపకుండా చూడరు. ఆపి నోట్స్ రాసుకుంటారు, వెనక్కి తిప్పి మళ్లీ వింటారు. 260 గంటల లోపు అయ్యే పని కాదు. క్వశ్చన్ బ్యాంక్ సంగతి ఇలా: 3000 ప్రశ్నలుంటే, ప్రశ్న చేయడానికి ఒకటిన్నర నిమిషం, ఎక్స్‌ప్లనేషన్ చదవడానికి మూడు నిమిషాలు. అందరూ మొదటిదే లెక్కేసి రెండోది మర్చిపోతారు. నిజానికి నేర్చుకునేది ఎక్స్‌ప్లనేషన్ దగ్గరే. ప్రశ్నకు నాలుగున్నర నిమిషాల చొప్పున 225 గంటలు. ఎనిమిది మాక్ టెస్టులు రాసి ఒక్కోదాన్ని పూర్తిగా విశ్లేషించుకోవడానికి ఏడున్నర గంటల చొప్పున 60 గంటలు. తప్పు పోయిన ప్రశ్నలను రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయడానికి ఇంకో 60. కలిపితే 345. మిగిలేది 55 గంటలు. మీ టెక్స్ట్‌బుక్‌కీ, విడి వీడియోలకీ ఉన్న సమయం అంతే.

వీడియో కోర్సు మొత్తం చూస్తానంటే 260, మాక్ టెస్టులకు 60, అక్కడికే 320 అయిపోయాయి. మిగిలిన 80 గంటల్లో వెయ్యి పైచిలుకు ప్రశ్నలు చేయగలరు, తప్పుల్ని మళ్లీ చూసుకునే టైం ఉండదు. రెండు క్వశ్చన్ బ్యాంకులంటే 450 గంటలు, అసలు పట్టనే పట్టదు. మీ ఫ్రెండ్స్ ఇద్దరూ తప్పు చెప్పలేదు, వాళ్ల దగ్గరున్న సమయం వేరై ఉండొచ్చు. ఈ లెక్కలో నేను వేసిన అంకెల బదులు మీరు కొనాలనుకున్న కోర్సు గంటలు, బ్యాంక్‌లోని ప్రశ్నల సంఖ్య పెట్టి మళ్లీ చేయండి. కొనుగోలు పేజీలోనే ఆ రెండూ రాసి ఉంటాయి.

గంటలు సరిపోవడం ఒక్కటే కారణం కాదు. ఇంత సమయం ప్రశ్నలకే ఇవ్వమనడానికి గట్టి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, పుస్తకం చూడకుండా మూడుసార్లు గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది: గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు 61 శాతం చెప్పగలిగారు, చదివినవాళ్లు 40 శాతమే. ఇంకో విషయం, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది ఎక్కువసార్లు చదివినవాళ్లే. వీడియో చూశాక "ఆహా, అర్థమైపోయింది" అనిపించడం సరిగ్గా ఇలాంటిదే. ఆ సంతృప్తి నిజమే, కానీ అది వారం తర్వాత హాల్లో ఏం గుర్తుంటుందో చెప్పదు.

అయితే క్వశ్చన్ బ్యాంక్ అన్ని జబ్బులకూ మందు కాదు. మీ తప్పు ఏ రకానిదో తెలిస్తేనే దానికి ఏది కావాలో తెలుస్తుంది. కాబట్టి ఏదీ కొనకముందు ఒక వారం ఈ పని చేయండి. ఆరు సబ్జెక్టులు తీసుకోండి. బాగా వచ్చినవి రెండు, ఒక మాదిరివి రెండు, భయపడేవి రెండు. ఒక్కో సబ్జెక్ట్‌లో ఇరవై ప్రశ్నలు చేయండి, మొత్తం 120. పాత పేపర్లు ఉంటాయి, క్వశ్చన్ బ్యాంకులు ఇచ్చే ఫ్రీ శాంపిల్ ఉంటుంది, వాటితోనే చేసేయొచ్చు. ఎక్స్‌ప్లనేషన్లతో కలిపి తొమ్మిది గంటల పని.

చేసేటప్పుడు ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టండి: ఖాయం, సందేహం, గుడ్డి. నాలుగు ఆప్షన్లున్న ఇరవై ప్రశ్నలకు కళ్లు మూసుకుని గీసినా సగటున ఐదు కరెక్ట్ అవుతాయి. అందుకే గుడ్డిగా కొట్టి కరెక్ట్ అయినవి మార్కుల కిందకి రావు, తప్పుల జాబితాలోకి చేరాలి.

తర్వాత తప్పయిన ప్రతి ప్రశ్నకీ, గుడ్డిగా కరెక్ట్ అయినదానికీ కారణం రాయండి. నాలుగే కారణాలు: తెలియదు, అర్థం కాలేదు, మర్చిపోయాను, సరిగ్గా చదవలేదు. ఇక్కడ అందరూ ఒకే చోట మోసపోతారు. ఎక్స్‌ప్లనేషన్ తెరవగానే "అరే, ఇది తెలుసు కదా" అనిపిస్తుంది. కళ్ల ముందు జవాబున్నప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. కాబట్టి ఎక్స్‌ప్లనేషన్ తెరవకముందే ఆ టాపిక్ మీద మీకు గుర్తున్నది కాగితం మీద రెండు లైన్లు రాయండి. ఏమీ రాకపోతే "తెలియదు". విషయాలు వచ్చాయి గానీ అవి ఈ ప్రశ్నకెలా పనికొస్తాయో తోచకపోతే "అర్థం కాలేదు". చిన్న క్లూ అందగానే మిగతాదంతా మీరే చెప్పేయగలిగితే "మర్చిపోయాను".

ఒక ప్రశ్నతో చూపిస్తాను. రోగి రక్తపరీక్ష ఇలా వచ్చింది, దీనిలో ఉన్న యాసిడ్ బేస్ సమస్య ఏమిటని అడిగారు:

```
pH 7.32
pCO2 28 mmHg
HCO3 14 mEq/L
Na 140, Cl 104 mEq/L
```

చాలామంది "మెటబాలిక్ అసిడోసిస్, దాంతో పాటు రెస్పిరేటరీ ఆల్కలోసిస్" అని పెడతారు. వాళ్ల ఆలోచన ఇది: pH తక్కువ, బైకార్బనేట్ తక్కువ, కాబట్టి మెటబాలిక్ అసిడోసిస్. కార్బన్ డయాక్సైడ్ 40 ఉండాల్సింది 28 ఉంది, అంటే అది కూడా ఒక సమస్యే. సగం దారి సరిగ్గానే వచ్చి అక్కడ తప్పారు. రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు శరీరమే శ్వాస పెంచి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపేస్తుంది. అది తగ్గడం రెండో జబ్బు కాదు, మొదటిదానికి శరీరం ఇచ్చే సమాధానం. ఎంత తగ్గాలో వింటర్స్ ఫార్ములా చెప్తుంది:

```
pCO2 = 1.5 × 14 + 8 ± 2 = 27 – 31
Na − (Cl + HCO3) = 140 − 118 = 22
```

ఉండాల్సింది 27 నుంచి 31 మధ్య. ఉన్నది 28. సరిగ్గా అనుకున్నంతే తగ్గింది, కాబట్టి రెండో సమస్య లేదు. రెండో లైన్‌లో కట్టింది యానయాన్ గ్యాప్. అది 22, మామూలు కంటే ఎక్కువ. జవాబు: తగినంత కాంపెన్సేషన్ ఉన్న హై యానయాన్ గ్యాప్ మెటబాలిక్ అసిడోసిస్.

ఈ ఒక్క ప్రశ్న నలుగురికి తప్పు పోయిందనుకుందాం. మొదటి మనిషికి యానయాన్ గ్యాప్ అనే మాటే కొత్త. అతనికి కావాల్సింది టెక్స్ట్‌బుక్‌లో ఆ నాలుగు పేజీలు. రెండో మనిషి ఫార్ములా తడుముకోకుండా చెప్తుంది, కానీ దాన్ని ఎందుకు వేస్తున్నామో తెలియదు. వచ్చిన అంకె చూసి ఏం తేల్చాలో తెలియదు. ఎన్ని ప్రశ్నలు చేసినా ఆమె ఫార్ములాను బట్టీ పడుతూనే ఉంటుంది. ఎవరైనా బోర్డు మీద మెల్లగా విప్పి చెప్పే అరగంట వీడియో ఆమెకు నిజంగా విలువైనది. మూడో మనిషికి అంతా తెలుసు, 1.5 కి బదులు ఇంకేదో అంకె వేశాడు. అతనికి పుస్తకమూ వద్దు, వీడియో కూడా వద్దు. మూడు రోజులకు ఒకటి, వారానికి ఒకటి, మూడు వారాలకు ఒకటి ఇలాంటి ప్రశ్నలే పడితే చాలు. నాలుగో మనిషి క్లోరైడ్ 104 ను 114 గా చదువుకున్నాడు. అతనికి ఏదీ కొనిపెట్టక్కర్లేదు, టైం పెట్టుకుని మాక్ టెస్టులు రాయాలి.

నలుగురి స్కోరు షీట్‌లోనూ ఇది ఒక్క తప్పుగానే కనిపిస్తుంది. అందుకే మార్కులు చూసి ఏం కొనాలో తేల్చలేం.

మీలాగే డ్యూటీ చేస్తూ చదివిన ఒక జూనియర్‌తో ఈ లెక్క వేయించాను. ఆమె అప్పటికే పూర్తి వీడియో కోర్సు కొనడానికి సిద్ధంగా ఉంది. 120 లో 66 కరెక్ట్, అందులో 12 గుడ్డివి. అంటే కారణం రాయాల్సినవి 54 తప్పులూ, ఈ 12 కలిపి 66. రాసి చూస్తే మర్చిపోయినవి 31, తెలియనివి 17, అర్థం కానివి 10, సరిగ్గా చదవనివి 8. దాదాపు సగం మరుపు వల్ల పోయినవే. వాటికి మళ్లీ మొదటి నుంచి పాఠం వినడం దండగ. అర్థం కాని పదిలో ఆరు యాసిడ్ బేస్, కిడ్నీ పనితీరు దగ్గరే ఉన్నాయి, మిగతా నాలుగు బయోస్టాటిస్టిక్స్. అంటే ఆమెకు కావాల్సిన వీడియోలు రెండు టాపిక్‌లవి, కొద్ది గంటలవి. తెలియని పదిహేడులో తొమ్మిది ఆప్తాల్మాలజీవి, కాలేజీలో ఆ సబ్జెక్ట్‌ను పరీక్ష ముందు పైపైన తిరగేసి వదిలేసింది. దానికి ఒక చిన్న పుస్తకం, అదీ ఇంట్లో ఉన్నదే, సరిపోయింది. మొత్తం మీద కొన్నది ఒక్క క్వశ్చన్ బ్యాంక్.

మీ లెక్క వేరేలా రావచ్చు. ఏదైనా సబ్జెక్ట్‌లో గుడ్డివి తీసేశాక ఇరవైకి ఎనిమిది కూడా రాకపోతే, ఆ సబ్జెక్ట్‌లో నేరుగా ప్రశ్నలకు దిగకండి. ప్రతి ఎక్స్‌ప్లనేషనూ కొత్త పాఠంలా ఉంటుంది, ఒకదానికొకటి అతకదు, ప్రశ్నకు నాలుగున్నర నిమిషాలు కాస్తా పది అవుతాయి. ముందు టెక్స్ట్‌బుక్‌లో ఆ అధ్యాయం చదివి, అదే రోజు సాయంత్రం ఆ అధ్యాయం ప్రశ్నలు పది చేయండి. అధ్యాయమంతా పూర్తిచేసి నెల తర్వాత ప్రశ్నలు చూద్దామనుకుంటే చదివిన శ్రమ సగం పోతుంది. ఇరవైకి ఎనిమిది అన్నది నా అంచనా కొలత, రాతి మీద గీత కాదు. పన్నెండు పైన వస్తున్న సబ్జెక్ట్‌లో మాత్రం పుస్తకం పూర్తిగా తిరగేయడం మానేసి, తప్పు పోయిన చోట మాత్రమే తెరవండి.

క్వశ్చన్ బ్యాంక్ ఏది కొనాలనేదాన్ని పేరును బట్టి తేల్చుకోవద్దు. మీకు బాగా వచ్చిన ఒక టాపిక్ తీసుకుని, శాంపిల్‌లో దాని ఎక్స్‌ప్లనేషన్లు పది పదిహేను చదవండి. బాగా వచ్చినదే ఎందుకంటే, రాని టాపిక్‌లో ఏం రాసినా మనకు గొప్పగానే కనిపిస్తుంది. మీరు చూడాల్సిన ముఖ్యమైన విషయం: కరెక్ట్ ఆప్షన్ ఎందుకు కరెక్టో చెప్పి ఆగిపోతున్నారా, మిగతా మూడూ ఎందుకు కావో కూడా చెప్తున్నారా. మనం తప్పుగా ఎంచుకున్న ఆప్షన్ ఊరికే పోదు. దిద్దకపోతే అదే జవాబన్నట్టు మనసులో నిలిచిపోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన యాసిడ్ బేస్ ప్రశ్నకు "జవాబు సి, వింటర్స్ ఫార్ములా చూడండి" అని ఊరుకునే బ్యాంక్, రెస్పిరేటరీ ఆల్కలోసిస్ అనుకున్నవాడిని అక్కడే వదిలేస్తుంది.

తర్వాత పాత పేపర్ పక్కన పెట్టుకుని చూడండి. అసలు పరీక్షలో ప్రశ్నలు కేసు చెప్పి అడుగుతుంటే, బ్యాంక్‌లో అన్నీ ఒక్క లైన్ బిట్లయితే అది ఎంత పెద్దదైనా పనికిరాదు. చికిత్స గైడ్‌లైన్లు మారిన టాపిక్ ఏదైనా మీకు తెలిస్తే దాన్ని వెతకండి. పాత పద్ధతే రాసి ఉంటే ఆ బ్యాంక్‌ను ఎవరూ సరిచూడట్లేదని అర్థం. ఇక, తప్పు పోయినవి మాత్రమే వేరుచేసి మళ్లీ చేసే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే రెండో విడతలో వచ్చినవే మళ్లీ మళ్లీ చేస్తూ గంటలు పోగొట్టుకుంటారు.

3000 ప్రశ్నలా 8000 ప్రశ్నలా అన్నది పట్టించుకోకండి. 8000 అంటే మన లెక్కలో 600 గంటలు. మీకున్నవి 400.

కొన్నాక వాడే తీరు గురించి ఒక్క మాట. మొదటి ఏడెనిమిది వారాలు బలహీనమైన సబ్జెక్టులను టాపిక్ వారీగా చేయండి, బాగా వచ్చినవి మొదటి రోజు నుంచే కలగలిపి చేయండి. టాపిక్ వారీగా చేస్తున్నంతసేపూ ఇది కిడ్నీ ప్రశ్న అని ముందే తెలిసిపోతుంది, సగం పని ఆ శీర్షికే చేసిపెడుతుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. తొమ్మిదో వారం నుంచి అన్నీ కలిపేయండి. స్కోరు మొదట్లో పడిపోతుంది, కంగారుపడి మళ్లీ టాపిక్‌లకు వెళ్లిపోకండి.

ఎక్స్‌ప్లనేషన్ మొత్తం నోట్స్‌లోకి ఎక్కించుకోవద్దు. అది చాలామంది క్వశ్చన్ బ్యాంక్‌ను ఇంకో టెక్స్ట్‌బుక్‌గా మార్చేసుకునే పద్ధతి. ప్రశ్నకు ఒక్క వాక్యం, మీరు ఎక్కడ తప్పారో అది రాయండి. "pCO2 తగ్గింది కదాని రెండో జబ్బు అనుకోకు, ముందు ఎంత తగ్గాలో లెక్క కట్టు." ఇంతే. ఐదు నెలలకు ఆ వాక్యాలతో ఒక నోట్‌బుక్ తయారవుతుంది, చివరి వారం చదవడానికి దాన్ని మించింది ఏ కంపెనీ అమ్మలేదు, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ మీ తప్పులే.

విడి వీడియోలకు ఒక షరతు. చూడటం పూర్తవగానే తెల్ల కాగితం తీసి, వీడియో మూసేసి, విన్నది మీ మాటల్లో రాయండి. తర్వాత అదే టాపిక్‌లో ఎనిమిది పది ప్రశ్నలు చేయండి. చెయ్యగలిగితే ఆ వీడియో పని అయిపోయింది, మళ్లీ చూడొద్దు. చెయ్యలేకపోతే అదే వీడియో రెండోసారి పెట్టకండి. వేరే మనిషి వేరే తీరుగా చెప్పింది చూడండి, లేదా డ్యూటీలో మీ సీనియర్‌ని పది నిమిషాలు అడగండి. ఒకే వివరణ రెండోసారి వింటే పరిచయం పెరుగుతుంది, అంతకు మించి జరగడం అరుదు.

రెండో క్వశ్చన్ బ్యాంక్ ఎప్పుడు? మొదటిది మొత్తం అయ్యాక, తప్పులు మళ్లీ చేశాక, చేతిలో ఇంకా ఐదారు వారాలుంటే. డ్యూటీ చేసేవాళ్లలో అక్కడిదాకా వచ్చేవాళ్లు తక్కువ. చాలామంది మొదటిదాన్ని రెండో విడతలో చేసినప్పుడు 85 శాతం వచ్చేసిందని, ఇది ఇక అయిపోయిందని అనుకుంటారు. ఆ 85 ను నమ్మొద్దు. ప్రశ్న మొదటి లైన్ చదవగానే జవాబు గుర్తొస్తోందంటే గుర్తున్నది ప్రశ్న, విషయం కాదు. పరీక్షించుకోవడం తేలిక: ఆప్షన్లు చూడకుండా జవాబు చెప్పండి, తర్వాత మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో ముక్కలో చెప్పండి. మూడింటిలో రెండింటికి నోరు పెగలకపోతే ఆ ప్రశ్న ఇంకా మీది కాలేదు.

ఇదే కారణంతో మాక్ టెస్టులు మాత్రం మీ బ్యాంక్ వాళ్లవి కాకుండా బయటివి తీసుకోండి. మీరు చూడని ప్రశ్నల మీద వచ్చే స్కోరే అసలు స్కోరు. "ఒక్కటే కొనండి" అన్న నా మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఎనిమిది చాలు. మూడో నెల చివర మొదలుపెట్టి మొదట పదిహేను రోజులకొకటి, చివరి నెలన్నరలో వారానికొకటి రాయండి. ప్రతి మాక్ తర్వాత పై నాలుగు కారణాల లెక్క మళ్లీ వేయండి. "మర్చిపోయాను" తగ్గుతూ రావాలి. "సరిగ్గా చదవలేదు" అలాగే ఉంటే మీరు తక్కువ చదివినట్టు కాదు, తొందరపడుతున్నట్టు. ఏదో ఒక సబ్జెక్ట్‌లో "అర్థం కాలేదు" కదలకుండా ఉంటే, అప్పుడు ఆ ఒక్క సబ్జెక్ట్ వీడియోలు కొనడంలో తప్పు లేదు.

ఇదంతా ఐదు నెలలున్న, ఒకసారి చదివి వచ్చిన మనిషికి. ఏడాదిన్నర సమయం ఉండి సబ్జెక్ట్‌ను ఇప్పుడే మొదటిసారి చూస్తున్న విద్యార్థి ఇదే ప్రశ్న అడిగితే నా సమాధానం తిరగబడుతుంది: ముందు టెక్స్ట్‌బుక్, కష్టమైన సబ్జెక్టులకు వీడియోలు, ఒక్కో అధ్యాయం అయ్యాక ప్రశ్నలు. వాళ్ల తప్పుల్లో "తెలియదు" అన్నదే ఎక్కువ ఉంటుంది కాబట్టి.

కొనేటప్పుడు సబ్‌స్క్రిప్షన్ తేదీలు చూసుకోండి. గడువు కొన్న రోజు నుంచే మొదలవుతుందా, మొదటిసారి తెరిచిన రోజు నుంచా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పరీక్ష తేదీ వాయిదా పడితే పొడిగించుకునే వీలుందో లేదో అడగండి. ఏడాది ప్లాన్ మీద ఎంత తగ్గింపు ఇచ్చినా మీకు కావాల్సింది ఐదారు నెలలదే. ఫ్రీ శాంపిల్‌తో ఈ వారం 120 ప్రశ్నల లెక్క పూర్తయ్యేదాకా డబ్బు కట్టకండి. ఆ నాలుగు అంకెలూ, సబ్జెక్ట్ వారీగా, కింద రాయండి. ఏ టాపిక్‌కి వీడియో అవసరమో, ఏది పుస్తకంతో సరిపోతుందో అవి చూసి చెప్తాను.